విశేషణాలు తీసేశాక కూడా వాదిస్తూనే ఉన్న వ్యాసం

గోదావరి డెల్టా వ్యవసాయం మీద విజ్ఞాన సర్వస్వం తరహా సంపుటి ఒకటి తయారవుతోంది. అందులో 2011లో కోనసీమ రైతులు కలిసికట్టుగా వరి సాగు ఆపేసిన పంట విరామానికి ఒక ఆరోపం, అంటే ఒక అంశం మీద విడి వ్యాసం, కావలసి వచ్చింది. చేతికి అందిన మొదటి రచన అమలాపురం దగ్గరి పల్లెకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిది. ఆయన రైతు కూడా. ఆ ఏడాది తన పొలం బీడు పెట్టినవాళ్లలో ఒకరు. రాసింది అభిప్రాయ వ్యాసం, బాగా రాశారు, చదివితే రక్తం వేడెక్కుతుంది. దాన్ని తటస్థ వచనంగా మార్చే పని నాకొచ్చింది. ఈ మార్పులో ఏది సులువుగా జరిగిందో, ఏది ముప్పుతిప్పలు పెట్టిందో ఇక్కడ రాస్తున్నాను. వ్యాసం పొడవైనది కాబట్టి గుండెకాయలాంటి ఒక్క పేరా తీసుకుంటాను. ఇక్కడి కోసం వాక్యాలు కాస్త అటూ ఇటూ చేశాను. వాదన మాత్రం మార్చలేదు.

ఆ పేరా ఇది:

"కాటన్ దొర చలవతో అన్నపూర్ణగా వెలిగిన మన కోనసీమ నేడు పాలకుల పాపానికి బీడై విలపిస్తోంది. ఎరువులు, డీజిల్, కూలి రేట్లు ఆకాశాన్నంటుతుంటే ప్రభుత్వం విదిల్చింది క్వింటాలుకు కేవలం 1,080 రూపాయలు. ఆ ముష్టి ధర కూడా చేతికి రానివ్వకుండా దళారులు, మిల్లర్లు కుమ్మక్కై దోచుకుంటున్నారు. ఉపాధి హామీ పుణ్యమా అని కూలీలు పొలం ముఖం చూడడం మానేశారు. పూడిపోయిన డ్రెయిన్లను పట్టించుకునే నాథుడే లేడు. గత్యంతరం లేక లక్ష ఎకరాల్లో రైతన్న నాగలి దించేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఎట్టకేలకు ఒక కమిటీ వేసి ప్రభుత్వం చేతులు దులుపుకుంది. స్వామినాథన్ సిఫార్సులు చెత్తబుట్ట పాలయ్యాయి."

మొదటి కోత

ఇలాంటి రచన ఎవరికిచ్చినా ముందు చేసేది ఒకటే. ఎర్ర పెన్ను తీసుకుని విలపిస్తోంది, పాపానికి, విదిల్చింది, ముష్టి, దోచుకుంటున్నారు లాంటివన్నీ కొట్టేయడం. మా బృందంలో ఒక కుర్రాడు ఆ పని చేసి తెచ్చాడు. ఫలితం ఇలా వచ్చింది:

"ఆనకట్టతో సాగులోకి వచ్చిన కోనసీమ నేడు బీడుగా ఉంది. ఎరువులు, డీజిల్, కూలి రేట్లు పెరిగినా ప్రభుత్వం ఇచ్చింది క్వింటాలుకు 1,080 రూపాయలే. ఆ ధర కూడా రైతుకు అందలేదు. ఉపాధి హామీ వల్ల కూలీలు దొరకలేదు. డ్రెయిన్లలో పూడిక ఉంది. చివరికి లక్ష ఎకరాల్లో రైతులు సాగు ఆపారు. ఆ తర్వాతే ప్రభుత్వం కమిటీ వేసింది. స్వామినాథన్ సిఫార్సులను అమలు చేయలేదు."

ఒక్క తిట్టు లేదు, ఒక్క కన్నీటి చుక్క లేదు. అయినా చదవండి. ముందు చెప్పిన మాటే చెబుతోంది, గొంతు తగ్గించి చెబుతోంది, అంతే. నా దృష్టిలో ఇది అసలు వ్యాసం కంటే ప్రమాదకరం. అసలు వ్యాసం చదివేవాడికి ఇది ఒక రైతు కోపమని తెలుస్తుంది, అతను తన జాగ్రత్తలో తానుంటాడు. రెండో దాన్ని మాత్రం నిజాల జాబితా అనుకుని నమ్మేస్తాడు.

వాదన ఎక్కడ దాక్కుందో వెతికితే తెలుగులో అది చాలాసార్లు చిన్న చిన్న ప్రత్యయాల్లో దొరుకుతుంది. "1,080 రూపాయలే" అన్నచోట ఆ ఏకారం తీసేయండి, వాక్యం ఒక్కసారిగా చల్లబడుతుంది. "పెరిగినా" అన్నచోట ఆ నాకారం, ధర కూడా అదే లెక్కన పెరగాల్సిందన్న తీర్పును లోపల మోస్తోంది. "ఆ ధర కూడా" అనడంలో ఆ ధరే తక్కువన్న మాట ముందే ఒప్పించేశారు. "ఆ తర్వాతే" అంటే ఆలస్యం చేశారని. "చివరికి" అంటే ఇంకే దారీ లేదని. వీటిలో ఏదీ నిఘంటువులో ఆవేశపూరితమైన మాట కాదు. అందుకే ఎర్ర పెన్ను వీటిని దాటేసి వెళ్లిపోతుంది.

ఏకారం, సైతం, కనీసం, ఏకంగా, ఎట్టకేలకు, తీరా, పైగా, అయినా. ఇవి కనిపించిన ప్రతిచోటా నేను ఆగి ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇది తీసేస్తే ఏదైనా సమాచారం పోతుందా? "కోనసీమలోని కొన్ని మండలాల్లోనే" అన్నప్పుడు ఏకారం సమాచారమే, అది ఉండాలి. "1,080 రూపాయలే" అన్నప్పుడు అది మూతి విరుపు. రెండూ ఒకే అక్షరం కాబట్టి కంప్యూటర్లో వెతికి అన్నీ ఒకేసారి తీసేయడం కుదరదు.

ఎవరు అన్న ప్రశ్న

ప్రత్యయాలు తీసేశాక కూడా పేరా ఒక వైపు ఒరిగే ఉంది. ఈసారి కారణం "ప్రభుత్వం" అన్న మాట. వ్యాసంలో అది మూడు వేర్వేరు కర్తలకు ఒకే పేరు.

మద్దతు ధర ప్రకటించేది కేంద్ర ప్రభుత్వం, వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సిఫార్సు మీద. పంట విరామంపై కమిటీ వేసింది అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వం. విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా దానికి నేతృత్వం వహించారు. డ్రెయిన్లు రాష్ట్ర నీటిపారుదల శాఖ పని. ఉపాధి హామీ కేంద్రం చేసిన చట్టం, అమలు రాష్ట్రానిది. వీటన్నిటినీ "పాలకులు" అనే ఒక్క సంచిలో వేస్తే ఒకే దుర్మార్గుడు తయారవుతాడు. విడదీసి రాస్తే ఆ దుర్మార్గుడు మాయమవుతాడు. ఎవరినీ వెనకేసుకు రానక్కరలేదు, ఎవరి పని ఏదో సరిగ్గా రాస్తే చాలు. మొత్తం మార్పులో పేరాను అన్నిటికంటే ఎక్కువ తటస్థం చేసింది ఇదే. ఇందులో ఒక్క ఆవేశపు మాటను కూడా ముట్టుకోలేదు.

దీనికి ఎదురుగా ఉన్న ప్రమాదం డ్రెయిన్ల వాక్యంలో కనిపించింది. "పూడిపోయిన డ్రెయిన్లను పట్టించుకునే నాథుడే లేడు" అన్నదాన్ని కుర్రాడు "డ్రెయిన్లలో పూడిక ఉంది" అని మార్చాడు. వినడానికి శుభ్రంగా ఉంది. కానీ పూడిక తీయించాల్సిన బాధ్యత ఒకరికి ఉందన్న నిజం ఎగిరిపోయింది. డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకు తెలుసు, సార్వాలో వాన పడ్డాక చేలో నీరు దిగాలంటే మురుగు కాలువ పారాలి, గుర్రపుడెక్క అడ్డం పడితే నాట్లు కుళ్లిపోతాయి. తనంతట తానే ఆరిపోయే నేల కాదిది. "పూడిక ఉంది" అంటే అదేదో వాతావరణం లాంటి సంగతి అయిపోతుంది. కర్త లేని వాక్యం తటస్థంగా కనిపిస్తుంది, నిజానికి అది బాధ్యుడి పక్షం వహిస్తుంది. మేం చివరికి ఇలా రాశాం: "నీటిపారుదల శాఖ నిర్వహణలోని డ్రెయిన్లలో పూడిక తీయకపోవడం వల్ల పొలాల్లో నీరు నిలుస్తోందని రైతు సంఘాలు తెలిపాయి." బాధ్యత ఎవరిదో ఉంది, ఆ మాట ఎవరన్నదో ఉంది, నాథుడు మాత్రం లేడు.

"తెలిపాయి" దగ్గర కూడా కొంత చర్చ జరిగింది. కుర్రాడు "ఆరోపించాయి" అని రాశాడు. పత్రికల్లో అది మామూలే. కానీ "ఆరోపించారు" అన్నప్పుడు చదివేవాడు సగం నమ్మడం మానేస్తాడు. "వెల్లడించారు", "బయటపెట్టారు" అంటే అది నిజమేనని రచయిత హామీ ఇచ్చినట్టు. "ఒప్పుకున్నారు" అంటే ముందు దాచారని. "సెలవిచ్చారు" అంటే వెక్కిరింపు. మాస్టారి వ్యాసంలో రైతులు ఎప్పుడూ "వెల్లడిస్తారు", అధికారులు ఎప్పుడూ "బుకాయిస్తారు". ఈ క్రియలన్నిటినీ అన్నారు, చెప్పారు, తెలిపారు అనే మూడింటికి దించేశాను. కాస్త చప్పగా ఉంటుంది, నిజమే. ఆ చప్పదనం భరించాలి.

"ముష్టి ధర" వెనక ఉన్న లెక్క

ఆవేశపు మాటను కొట్టేసి వదిలేస్తే అక్కడ ఒక గుంట మిగులుతుంది. ఎందుకంటే ఆ మాట ఊరికే రాదు, ఏదో ఒక నిజానికి బదులుగా వచ్చి నిలబడుతుంది. "ముష్టి" అన్న మాట వెనక ఏ లెక్క ఉందో అడగడానికి మాస్టారి దగ్గరకి వెళ్లాను.

"ముష్టి అనకూడదంటే అనకూడదులెండి. మరి ఎంత తక్కువో ఎలా చెబుతారండి?" అన్నారు.

"అదే నేనూ అడగడానికి వచ్చాను మాస్టారూ. ఎంతకి ఎంత తక్కువ?"

ఆయన బస్తాల్లో చెప్పారు. ఇక్కడ ధాన్యం లెక్క క్వింటాళ్లలో కాదు, 75 కిలోల బస్తాల్లో. 1,080 రూపాయల క్వింటాలు అంటే బస్తా 810 రూపాయలు. అంతకు ముందు ఏడాది మద్దతు ధర సాధారణ రకానికి 1,000, అంటే బస్తా 750. ఇక్కడే ఒక మెలిక బయటపడింది. 1,080 అన్నది 2011–12కి ప్రకటించిన ధర, అంటే వాళ్లు వేయకుండా వదిలేసిన పంటకు రావలసిన ధర. వాళ్లు నష్టపోయామంటున్నది అంతకుముందు అమ్మిన పంటల మీద, వాటికి వర్తించింది 1,000. వ్యాసం రెండింటినీ కలిపేసింది. ఆవేశంలో ఉన్నప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు, రాసేవాళ్లకూ చదివేవాళ్లకూ. "ముష్టి" అన్న మాట ఉన్నంతకాలం ఆ తప్పు దాని చాటున హాయిగా బతికింది. మాట తీసి అంకె పెట్టబోతేనే ఏ ఏడాది అంకె అన్న ప్రశ్న లేచింది.

తర్వాత నష్టం. "వరి నష్టాల సేద్యం" అన్నది వ్యాసంలో ఎక్కడా వాదనగా లేదు, అందరికీ తెలిసిన సంగతిలా ఉంది. కానీ నష్టం అన్నది ఖర్చులో ఏమేం కలిపామన్నదాన్ని బట్టి ఉంటుంది. వ్యవసాయ ఖర్చుల కమిషన్ లెక్కల్లో ఏ2 అంటే రైతు చేతి నుంచి నిజంగా పోయిన ఖర్చు: విత్తనం, ఎరువు, కూలి, డీజిల్, కౌలుకు చేస్తుంటే కట్టిన కౌలు. దానికి ఇంటివాళ్ల శ్రమ విలువ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. అంతకు మించి సొంత భూమికి వచ్చి ఉండే కౌలునూ, సొంత పెట్టుబడి మీద వడ్డీనీ కూడా ఖర్చుగా వేసుకుంటే సీ2.

ఇప్పుడు కోనసీమలో పక్కపక్కన ఉన్న రెండు చేలు ఊహించండి. ఒకటి ఆసామి సొంతంగా చేస్తున్నాడు, రెండోది కౌలు రైతు చేస్తున్నాడు. ఒకే విత్తనం, ఒకే దిగుబడి, ఒకే ధర. కౌలు రైతుకు కౌలు చేతి ఖర్చు, కాబట్టి ఏ2లోనే పడుతుంది. ఆసామికి అది సీ2 దాకా వెళ్తేగానీ పడదు. అందువల్ల ఒకే ఎకరం ఒకరికి నష్టం, ఇంకొకరికి పల్చటి లాభం అని లెక్క తేలవచ్చు, ఇద్దరూ అబద్ధం చెప్పకుండానే. మాస్టారు తన ఖర్చులో సొంత భూమి కౌలు వేసుకున్నారు. వేసుకోకూడదని కాదు, చాలామంది ఆర్థికవేత్తలు అదే సరైన లెక్క అంటారు. కానీ ఆరోపంలో "నష్టం వచ్చింది" అని మా గొంతుతో రాయలేం. "సొంత భూమి కౌలును కూడా ఖర్చులో చేరిస్తే సాగు గిట్టుబాటు కావడం లేదని రైతులు తెలిపారు" అని రాయగలం. "కన్నీటి సేద్యం" కన్నా ఇది చదివేవాడికి ఎక్కువ చెబుతుంది.

స్వామినాథన్ వాక్యమూ ఈ తీరులోనే మారింది. "చెత్తబుట్ట పాలయ్యాయి" అన్నచోట ఏముండాలి? ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్, సగటు ఉత్పత్తి ఖర్చు కంటే కనీసం 50 శాతం ఎక్కువగా మద్దతు ధర ఉండాలని 2006లో సిఫార్సు చేసింది. 2007లో కేంద్రం ప్రకటించిన జాతీయ రైతు విధానంలో ఆ సిఫార్సు చేరలేదు. ఈ రెండు వాక్యాలు చాలు. గమనిస్తే, ఇవి రైతు వాదనను బలహీనం చేయలేదు, నాకైతే బలపరిచాయనే అనిపించింది. "చెత్తబుట్ట" అంటే ఎవరైనా కొట్టిపారేయగలరు. 2007 విధాన పత్రంలో లేదంటే కొట్టిపారేయలేరు.

కూలీల సంగతి

"ఉపాధి హామీ పుణ్యమా అని కూలీలు పొలం ముఖం చూడడం మానేశారు" అన్న వాక్యాన్ని అన్నిటికంటే ఎక్కువసేపు చూశాను. మొదటి కోతలో ఇది "ఉపాధి హామీ వల్ల కూలీలు దొరకలేదు" అయింది. ఎకసెక్కెం పోయింది, కారణ సంబంధం మాత్రం గట్టిపడింది. "పుణ్యమా అని" అన్నప్పుడు అది ఒకరి అభిప్రాయమని తెలుస్తోంది. "వల్ల" అన్నాక అది శాస్త్రం అయిపోయింది.

మనకు తెలిసింది ఏమిటి? పథకం 2006లో మొదలై 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ విస్తరించింది. 2011లో రైతు సంఘాలు కూలీల కొరత, కూలి రేట్ల పెరుగుదల తమ సమస్యల్లో చేర్చాయి, పథకాన్ని కారణంగా చూపాయి. పథకం పనులను వ్యవసాయ పనులు లేని రోజులకు మార్చాలన్న డిమాండ్ కూడా అప్పట్లో వినిపించింది. కూలీ వైపు నుంచి చూస్తే అదే "కొరత" అన్నది కూలి పెరగడం. ఒకరికి సమస్య, ఇంకొకరికి రాబడి. కాబట్టి "కూలీల కొరత" అన్న మాట కూడా ఒక వైపు నిలబడి చూసిన మాటే. "కూలి రేట్లు పెరిగాయి" అంటే ఇద్దరూ ఒప్పుకుంటారు. కారణం దగ్గర మాత్రం ఎవరన్నారో చెప్పి తీరాలి.

ఇంకో పెద్ద లోటు ఉంది. మొత్తం వ్యాసంలో కూలీలు ఒకే ఒక్కసారి వస్తారు, అదీ రానివాళ్లుగా. పొలాలు బీడు పెడితే నాట్లు, కోతల పని పోయేది వాళ్లకే కదా. ఆ మాట ఎక్కడా లేదు. లేనిదాన్ని ఎర్ర పెన్నుతో కొట్టలేం. అభిప్రాయ వ్యాసాన్ని ఎంత కడిగినా అందులో రాయని పక్షం బయటికి రాదు, అది బయటి ఆధారాలతో తెచ్చి కలపాల్సిందే. ఆ సీజన్లో పని పోవడంపై వచ్చిన వార్తలను వెతికి, ఆధారం ఉన్నంత మేరకు ఒక వాక్యం చేర్చాం. సమతూకం కోసమని ఊహించి ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు. రెండు పక్షాలకూ చెరో నాలుగు వాక్యాలు అన్న పద్ధతి నాకు నచ్చదు. ఆధారం ఎంత ఉంటే అంతే చోటు.

దళారులు, మిల్లర్ల వాక్యానికి వేరే పరీక్ష పెట్టాను. ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేసిన పరిచయస్తుడికి సగం మార్చిన పేరా చదవమని ఇచ్చాను. అప్పటికి అది "మిల్లర్లు మద్దతు ధర కంటే తక్కువకు కొన్నారు" అని ఉంది. ఆయన కోప్పడలేదు. "తేమ సంగతి రాయలేదేంటండీ?" అన్నారంతే. మద్దతు ధర వర్తించాలంటే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. దాటితే కోత పెడతారు. రైతుల మాట వేరు, తేమ పేరు చెప్పి ఎక్కువ తెగ్గోస్తారని. అప్పట్లో బాస్మతీయేతర బియ్యం ఎగుమతులపై 2008 నుంచి నిషేధం ఉంది, 2011 సెప్టెంబరులో ఎత్తేశారు. మిల్లుల్లో సరుకు పేరుకుందని వాళ్లు చెప్పిన కారణంలో అదీ ఒకటి. "కుమ్మక్కై" అన్న ఒక్క మాట తేమ, ఎగుమతి నిషేధం, నిల్వ అన్నిటినీ మింగేసి కూర్చుంది. అవతలి పక్షం మనిషికి చదివించడం అందుకే. ఆయన అంకెల మీద, వదిలేసిన సంగతుల మీద అభ్యంతరం చెబితే పేరా దారిలో ఉందన్నమాట. మాటల మీద అభ్యంతరం చెబితే ఇంకా పని మిగిలిందని అర్థం.

వరసలో దాగిన వాదన

మాటలన్నీ తేలాక కూడా వాక్యాల వరస ఒక కథ చెబుతూనే ఉంది: వైభవం, పతనం, ద్రోహం, తిరుగుబాటు. కాటన్‌తో మొదలు పెట్టడమే ఆ కథకు పునాది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టాలో దాదాపు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఇవి నిజాలే, కానీ 2011 పంట విరామానికి వీటితో సంబంధం ఏమిటి? అప్పుడంత వైభవం, ఇప్పుడింత దైన్యం అని చూపించడం ఒక్కటే. ఆనకట్టకు సంపుటిలో వేరే ఆరోపం ఉంది. ఇక్కడి నుంచి తీసేశాం. "దొర" అన్నదీ ఆ ఆరోపంలో ఒక్కచోట ఉంది, స్థానికులు ఆయన్ని అలా పిలుస్తారన్న సమాచారంగా.

వరసను పరీక్షించడానికి నేను చేసే పని ఒకటుంది. వాక్యాలను విడి కాగితాల మీద రాసి కలిపేసి, ఏ వరసలో చదివినా అర్థం చెడకుండా ఉందో లేదో చూస్తాను. కాలక్రమం ఉన్నచోట తప్ప మిగతా వాక్యాలు అటూ ఇటూ అయినా నిలబడాలి. ఒక వాక్యం దాని చోటు మారగానే బలం కోల్పోతే, ఆ బలం దానిలో లేదు, పక్క వాక్యం ఇచ్చిందే. "సిఫార్సులు అమలు చేయలేదు" చివర్లో ఉంటే తీర్పులా మోగుతుంది. నేపథ్యంలోకి తెస్తే మామూలు సమాచారం.

కాలం మాటలూ ఇలాంటివే. "నేడు", "ఇటీవల", "మన" అన్నీ పోయాయి. "మన కోనసీమ" "అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని కోనసీమ" అయింది, ఎందుకంటే కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. రైతన్న రైతు అయ్యాడు. ఇది మాస్టారికి కష్టంగా అనిపించింది, ఏకవచనం అగౌరవం కాదా అని. తెలుగు వికీపీడియాలోనూ గారు, శ్రీ ఉండవు, అతను పుట్టాడు, చదివాడు అనే రాస్తారు. మా సంపుటి మనుషుల విషయంలో గౌరవ బహువచనం ఉంచుతుంది, కానీ ఒక పక్షానికి అన్న, ఇంకో పక్షానికి ఏమీ లేకుండా ఉండడానికి వీల్లేదు. మిల్లరన్న అని ఎవరూ రాయరు కాబట్టి రైతన్న కూడా లేడు.

లక్ష ఎకరాల అంకె ఒక్కటి ఎటూ తేలలేదు. మాకు దొరికిన వార్తల్లో విస్తీర్ణం ఒకేలా లేదు. ఊళ్లు తీర్మానం చేసిన విస్తీర్ణం ఒకటి, నిజంగా నాటకుండా మిగిలిన విస్తీర్ణం ఇంకొకటి, ఆలస్యంగా నాటినవి మూడోది. గుండ్రటి అంకె వినగానే నాకు అనుమానం వస్తుంది. అంకె ఆధారంతో దొరికే వరకు విస్తీర్ణం రాయకూడదని నిర్ణయించాం.

స్వామినాథన్ సిఫార్సు, కూలీల పని పోయిన సంగతి ఆరోపంలో వేరే పేరాల్లో ఉన్నాయి. చివరికి ప్రధాన పేరా ఇలా అచ్చుకు వెళ్లింది:

"2011 ఖరీఫ్‌లో అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని కోనసీమ ప్రాంతంలో వరి రైతులు సంఘటితంగా సాగు నిలిపివేశారు. దీన్ని పంట విరామం లేదా క్రాప్ హాలిడే అంటారు. ఎరువులు, డీజిల్, కూలి రేట్లు పెరిగాయని, సొంత భూమి కౌలును కూడా ఖర్చులో చేరిస్తే సాగు గిట్టుబాటు కావడం లేదని రైతులు తెలిపారు. సాధారణ రకం ధాన్యానికి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర 2010–11లో క్వింటాలుకు 1,000 రూపాయలు, 2011–12లో 1,080 రూపాయలు. తేమ పేరుతో మిల్లర్లు ఈ ధర కంటే తక్కువ చెల్లించారని రైతులు తెలిపారు. తేమ ఎక్కువగా ఉండడం, ఎగుమతి నిషేధం వల్ల నిల్వలు పేరుకోవడం ఇందుకు కారణాలని మిల్లర్లు తెలిపారు. కూలి రేట్ల పెరుగుదలకు ఉపాధి హామీ పథకం కారణమని రైతు సంఘాలు చెప్పాయి. నీటిపారుదల శాఖ నిర్వహణలోని డ్రెయిన్లలో పూడిక తీయకపోవడం వల్ల పొలాల్లో నీరు నిలుస్తోందని కూడా తెలిపాయి. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా నేతృత్వంలో కమిటీని నియమించింది."

మాస్టారికి చూపించాను. రెండుసార్లు చదివారు.

"అంతా నిజమేనండి. కానీ ఇందులో నేనెక్కడున్నాను?"

"రైతులు తెలిపారు అన్నచోట ఉన్నారు మాస్టారూ."

"ఆయ్, అక్కడ ఊరంతా ఉంది."

ఆ మాటకు ఆరోపంలో జవాబు లేదు, ఉండకూడదు కూడా. కోపం, అవమానం తటస్థ వచనంలోకి ఒకే దారిన వస్తాయి, ఫలానావారు ఇలా అన్నారని పేరుతో, ఉటంకింపు గుర్తుల్లో. ఆయన వాక్యం ఒకటి అలా పెడదామని అనుకున్నాం. కానీ ఆరోపంలో ఒక రైతు మాట పెట్టాక ఒక కౌలు రైతు మాట, ఒక కూలీ మాట కూడా కావాలి, వాటికి మా దగ్గర అచ్చయిన ఆధారం లేదు. కాబట్టి ఏదీ పెట్టలేదు. ఆయన వ్యాసం మొత్తాన్ని ఒక్క అక్షరం మార్చకుండా సంపుటి చివర్లో, అభిప్రాయాలు అన్న విభాగంలో, ఆయన పేరుతో వేస్తున్నాం. ఆరోపం కింద "చూడండి" అని ఆ పుట సంఖ్య ఇచ్చాం. ముష్టి ధర, చెత్తబుట్ట, నాథుడే లేడు, అన్నీ అక్కడున్నాయి. 1,080 అంకె కూడా అలాగే ఉంది. అది ఏ ఏడాది ధరో చెబుతూ కింద ఒక చిన్న సంపాదక వివరణ పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు.